‘ఆగరా’ అంటే పరుగే, విజిల్ పడితే ఆగాలి

స్క్రిప్టులో అది నాలుగు లైన్లు. సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాడు గల్లీలో పరుగు లంకించుకుంటాడు. ఒక ఇంటి మెట్లెక్కి డాబా మీదికి చేరతాడు. అక్కణ్నుంచి పక్క డాబా మీదికి దూకి, వెనక మెట్లు దిగి మళ్లీ గల్లీలో పడతాడు. ఈసారి వెంటపడేవాళ్లు స్కూటర్ మీద వస్తారు. మొత్తం సినిమా పన్నెండు నిమిషాలు, అందులో ఈ ఛేజింగ్ నిమిషంన్నర. తీసేది సికింద్రాబాద్‌లో ఒక పాత కాలనీ గల్లీలో. పదకొండు మంది విద్యార్థులు, ఒకే ఒక్క ఆదివారం.

నేను కొన్నేళ్లు అసిస్టెంట్ డైరెక్టరుగా తిరిగినవాణ్ని కాబట్టి, ఫిల్మ్ కోర్సు చేసే పిల్లలు అప్పుడప్పుడూ వాళ్ల కాగితాలు తెచ్చి చూపిస్తుంటారు. ఈ బృందం తెచ్చిన సేఫ్టీ ప్లాన్ అరపేజీ. అందరూ జాగ్రత్తగా ఉండాలి, ఫస్ట్ ఎయిడ్ కిట్ దగ్గర ఉంచుకోవాలి, నటులు మరీ వేగంగా పరిగెత్తకూడదు. ఇంతే ఉంది అందులో. నింపాదిగా పరిగెత్తే దొంగను ఎవరు చూస్తారు? ఆ వాక్యం రాసినవాళ్లకే తెలుసు, కెమెరా తిరగ్గానే దాన్ని ఎవరూ పాటించరని.

సేఫ్టీ ప్లాన్‌ను సీనుకు రాస్తే ఇలాగే తయారవుతుంది. దాన్ని షాటుకు రాయాలి. ఛేజింగ్ అనేది తెరమీద ఒకే పరుగు, తీసేటప్పుడు మాత్రం తొమ్మిదో పదో చిన్న ముక్కలు. ఒక్కో ముక్కలో ఎవరు కదులుతున్నారు, కెమెరా ఎక్కడుంది, నేల ఎలా ఉంది అన్నవి వేరు. కాబట్టి దెబ్బ తగిలే తీరూ వేరు. షాట్ లిస్టు పక్కన పెట్టుకోకుండా సేఫ్టీ ప్లాన్ రాయడానికి కూర్చోవద్దని వాళ్లకు మొదట చెప్పాను. రెండో మాట, లొకేషన్‌కు మళ్లీ వెళ్లి రమ్మన్నాను. అదీ ఆదివారమే, షూటింగ్ పెట్టుకున్న టైముకే.

మొదటిసారి వాళ్లు బుధవారం మధ్యాహ్నం వెళ్లారు. గల్లీ ఖాళీగా, పొడిగా కనిపించింది. ఆదివారం ఉదయం ఏడున్నరకు వెళ్తే అదే గల్లీ వేరే ఊరులా ఉంది. నల్లా నీళ్లు వదిలే టైము కావడంతో ప్రతి ఇంటి ముందూ పైపులు, గల్లీ సగం తడి. ఒక మూల సిమెంటు మీద పచ్చగా పాచి. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాళ్లతో వెళ్లిన నేను గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పని మాత్రమే చేశాను. నేలమీది ప్రతి మూతనూ కాలితో నొక్కి చూశాను. డ్రైనేజీ మూతల్లో ఒకటి ఊగుతోంది. నడిచేవాడు దాన్ని గమనించకుండానే దాటిపోతాడు. పరిగెత్తేవాడి బరువంతా ఒక్క పాదం మీద పడినప్పుడు అది పక్కకు ఒరుగుతుంది, మడమ మెలిపడుతుంది. ఇక తల ఎత్తి చూస్తే, రెండిళ్ల మధ్య బట్టలారేసే ఇనుప తీగ. నా తలకు తగలదు కానీ హీరో నాకంటే పొడుగు, పరుగులో మనిషి పైకి లేస్తాడు కూడా. గొంతు ఎత్తులో కట్టిన సన్నని తీగ పరిగెత్తేవాడి కంటికి ఆనదు. దాన్ని విప్పుకోవడానికి ఆ ఇంటావిడ క్షణం కూడా ఆలోచించలేదు, అడగడమే తరువాయి. షూటింగ్ పదిన్నరకు జరిపారు. అప్పటికి నీళ్లు ఆగిపోతాయి, నేల ఆరుతుంది.

ఆ గల్లీలో కనిపించని ప్రమాదం మరొకటి ఉంది. స్క్రిప్టులో వెంటపడేవాళ్లు “దొంగ! దొంగ!” అని అరుస్తారు. ఆదివారం పూట మన కాలనీల్లో ఆ కేక వేస్తే ఏమవుతుందో ఊహించండి. నలుగురు గేట్లు తీసుకుని బయటికొస్తారు. కెమెరా ఎక్కడో దూరంగా ఉంటుంది, వాళ్లకు కనిపించేది పరిగెత్తే కుర్రాడే. వాణ్ని పట్టుకుని రెండు తగిలించాకే సినిమా షూటింగా అని అడుగుతారు. విదేశీ పుస్తకాలు చూసి రాసే సేఫ్టీ ప్లాన్లలో ఈ సంగతి దొరకదు. అందుకని ఆ కేకను డబ్బింగులో కలుపుకోమని తేల్చాం. గల్లీలో ప్రతి ఇంటికీ ముందురోజు వెళ్లి చెప్పడం, స్థానిక పోలీస్ స్టేషన్‌లో తేదీ, సమయం, గల్లీ పేరుతో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోవడం, రెండు చివర్లా మెడలో ఐడీ కార్డుతో ఒక్కో మనిషిని నిలబెట్టడం, ఈ మూడూ ప్లాన్‌లోకి ఎక్కాయి.

అనుమతి సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉదంతం చెప్పాలి. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ‘మిడ్‌నైట్ రైడర్’ అనే సినిమా తీస్తూ ఒక బృందం రైలు వంతెన మీదికెక్కింది. పట్టాల మీద షూట్ చేయడానికి రైల్వే కంపెనీ అనుమతి ఇవ్వలేదు. రైలొస్తే తప్పుకోవడానికి అరవై సెకన్లు టైముంటుందని యూనిట్‌కు నోటిమాటగా చెప్పారు. రైలొచ్చింది. పట్టాల మీద పెట్టిన ఇనుప మంచాన్ని తీయడానికే వాళ్ల టైము చాలలేదు. సారా జోన్స్ అనే ఇరవై ఏడేళ్ల కెమెరా అసిస్టెంట్ చనిపోయింది. దర్శకుడు 2015లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఆ అరవై సెకన్లను ఎవరైనా కాగితం మీద పెట్టి, వంతెన పొడవు ఎంత, సామానుతో మనిషి ఎంతసేపట్లో దాటగలడు అని లెక్క కట్టి ఉంటే ఆ షాట్ ఆ కాగితం దగ్గరే ఆగిపోయేది. నోటిమాటను ఎవరూ లెక్క వేసి చూడరు. రాత వల్ల ప్రయోజనం అదే.

ఇక డాబాలు. దూకాల్సిన చోట రెండు ఇళ్ల మధ్య సందు నాలుగడుగులు.

“సార్, నాలుగడుగులే. కింద గీత గీస్తే అందరం దూకేస్తాం” అన్నాడు హీరో వేసే కుర్రాడు.

నిజమే, దూకేస్తాడు. నేలమీద గీత మధ్య దూకి తప్పితే ఏమీ కాదు, ఇక్కడ తప్పితే రెండంతస్తులు. పైగా ఎగరాల్సింది చదునైన నేల నుంచి కాదు, మోకాలెత్తు పిట్టగోడ మీదికెక్కి. ఆ గోడ అంచున పెచ్చులూడుతున్న సిమెంటు. అవతల డాబా మీద నుంచి కరెంటు లైను చేతికి అందేంత దగ్గరగా పోతోంది. ఇలాంటి చోట ప్లాన్ రాసేవాళ్లు సాధారణంగా చేసే తప్పు ఏమిటంటే, కింద పరుపులు వేద్దాం, నడుముకు తాడు కడదాం అని ఆలోచించడం. పడ్డాక ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. ఈ పని అసలు చేయకుండా షాట్ రాదా అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరక్కపోతే, తక్కువ ఎత్తులో చేస్తే రాదా? అదీ కుదరకపోతేనే అడ్డుగోడలు, తాళ్లు, పరుపులు. ఆ దశకు చేరిన షాట్‌కు అర్హత ఉన్న స్టంట్ మాస్టర్ కావాలి. విద్యార్థుల దగ్గర ఆయన ఉండడు కాబట్టి, ఆ దశకు చేరిన షాట్ విద్యార్థి సినిమాలో ఉండకూడదు. ఈ విషయంలో నేను బేరమాడను.

డాబా దూకుడును వాళ్లు మూడు ముక్కలు చేశారు. కుర్రాడు డాబా మధ్యలో పరిగెత్తి, పిట్టగోడకు పది అడుగుల ముందు గీసిన సుద్దగీత దగ్గర ఆగుతాడు. కెమెరా వెనక నుంచి తీస్తుంది కాబట్టి గోడ ముందే వచ్చేసినట్టుంటుంది. రెండో ముక్క కాలేజీ గ్రౌండులో. అడుగున్నర ఎత్తు బల్ల మీద నుంచి పరుపు మీదికి దూకుతాడు, కెమెరాను నేలకు ఆనించి పైకి చూస్తూ తీస్తారు, వెనక ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. మూడోది అవతల డాబా మీద, అంచుకు బాగా లోపల, మోకాళ్ల మీద వంగి లేవడం. సందు మీద నుంచి ఎవరూ ఎగరలేదు. సందు మాత్రం ఖాళీగా ఒక షాట్ తీశారు, పిట్టగోడకు ఇవతల నుంచి, కర్రకు కట్టిన ఫోనుతో. ఎడిటింగులో భయపెట్టేది ఆ ఖాళీ షాటే.

మెట్ల విషయం కొంచెమే. ఎక్కే పరుగులో తూలితే ముంగాళ్లకు, అరచేతులకు తగులుతుంది. దిగే పరుగులో తూలితే తలకు తగులుతుంది. కాబట్టి ఎక్కడం నిజంగా తీయొచ్చు, దిగడం మాత్రం చివరి మూడు మెట్లే. పాత ఇళ్లలో ఆఖరి మెట్టు మిగతావాటికంటే అంగుళమో రెండంగుళాలో తేడాగా ఉంటుంది. పాదం అలవాటు పడిన ఎత్తు మారగానే మనిషి బోర్లా పడతాడు. టేపు పెట్టి కొలిచి, తేడా ఉన్న మెట్టుకు కెమెరాకు కనిపించని వైపు తెల్ల టేపు అంటించారు.

స్కూటర్ షాట్ దగ్గర నేను వాళ్లతో లెక్క చేయించాను. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే నెమ్మదే అనిపిస్తుంది. కానీ అది సెకనుకు అయిదున్నర మీటర్లు. ముందు పరిగెత్తేవాడు కాలు జారి పడ్డాడనుకుందాం. నడిపేవాడికి అది కనబడి, బ్రేకు మీద చెయ్యి బిగిసేసరికి దాదాపు ఒక సెకను పోతుంది. అంటే అయిదున్నర మీటర్లు స్కూటర్ అదే వేగంతో వచ్చేసింది. తర్వాత పొడి సిమెంటు రోడ్డు మీద ఆగడానికి ఇంకో మూడు మీటర్లు. మొత్తం తొమ్మిది. రోడ్డు మీద ఇసుక ఉంటే పన్నెండు దాకా పోతుంది. వేగం 30కి పెంచితే పొడి నేల మీదే పదిహేను మీటర్లు కావాలి. వీళ్ల స్క్రిప్టులో స్కూటర్ కుర్రాడికి రెండు మీటర్ల వెనక ఉంది. నేల ఎంత పొడిగా ఉన్నా, నడిపేవాడు ఎంత నేర్పరి అయినా, రెండు మీటర్లలో ఆగే మార్గం లేదు.

ఇక్కడ కెమెరా మన పక్షాన ఉంటుంది. వేగం 20, మధ్య దూరం 15 మీటర్లు అని రాసుకున్నారు. కుర్రాడి పరుగు ముగిసే చోటికి 45 మీటర్ల దూరంలో, గల్లీ పక్కన ఒక గేటు లోపల కెమెరాను స్టాండు మీద పెట్టి, పొడుగు లెన్సుతో తీశారు. అప్పుడు కెమెరాకు కుర్రాడు 45, స్కూటర్ 60 మీటర్ల దూరం. అంటే స్కూటర్ దాని వెనక ఉన్నందుకు పావు వంతే చిన్నగా కనబడుతుంది, అంటుకుని వస్తున్నట్టే ఉంటుంది. అదే కెమెరాను మామూలు లెన్సుతో అయిదు మీటర్ల దూరంలో పెట్టి ఉంటే, 15 మీటర్ల వెనక ఉన్న స్కూటర్ నాలుగో వంతుకు కుంచించుకుపోయి, ఎక్కడో దూరంగా కనిపించేది. అందుకే పిల్లలు స్కూటర్‌ను దగ్గరికి తెస్తారు. తేవాల్సింది స్కూటర్‌ను కాదు, వెనక్కి జరపాల్సింది కెమెరాను.

బండి నడిపేవాడికి లైసెన్సు ఉందో లేదో కళ్లతో చూడాలి. వెనక కూర్చునే అమ్మాయి చున్నీని కాస్ట్యూమ్ నుంచే తీసేశారు, అది చక్రంలో పడితే మెడకు చుట్టుకుంటుంది. హెల్మెట్ పెడితే పాత్ర ముఖం కనిపించదని దర్శకురాలు నొచ్చుకుంది. ముఖాలు కావాల్సిన షాట్‌ను బండి స్టాండు మీద ఉండగా, ఆకుల నీడలు ఎవరో పక్కన ఊపుతుండగా తీసుకున్నారు. గుద్దేయబోయి ఆగే క్షణాన్ని రెండుగా విడగొట్టారు. స్కూటర్ బ్రేకు కొట్టేటప్పుడు ముందు మనిషి లేడు, కుర్రాడు ఉలిక్కిపడేటప్పుడు వెనక స్కూటర్ లేదు. పరుగులో ఇంకాస్త ఊపు కావాలంటే ఎడిటింగులో వేగం 110 శాతం చేస్తే చాలు, దానికి ఎవరి మోకాలూ ఖర్చు కాదు.

ఇంత రాశాక, ఎక్కువ ప్రమాదం ఎవరికని అడిగితే అందరూ హీరోను చూపించారు. నేను కెమెరా పట్టుకునే కుర్రాణ్ని చూపించాను. ఛేజింగులో అందరికంటే ముందు దెబ్బ తినేది అతనే. ఎదురుగా వచ్చే నటుణ్ని తీస్తూ వెనక్కి పరిగెడతాడు, కళ్లు స్క్రీన్ మీద, రెండు చేతులూ గింబల్ మీద. పడేటప్పుడు చెయ్యి ఆనించుకోవడానికి కూడా ఉండదు, కెమెరాను కాపాడుకోవాలన్న తపన ఒకటి. నేను పనిచేసిన ఒక షూటింగులో ఇలాగే వెనక్కి వెళ్తూ ఒకతను మూతలేని మోరీలో పడ్డాడు. కెమెరాకు గీత పడలేదు, అతని మణికట్టు విరిగింది. అతని వెనక మనిషిని పెట్టాల్సింది నేనే. ఆ రోజు నేను ట్రాఫిక్ ఆపడానికి వెళ్లాను, నా బదులు ఎవరినీ నిలబెట్టలేదు.

అందుకని రెండో షాట్‌కు ప్లాన్‌లో ఇలా రాయించాను. “కెమెరామన్ ముందుకే పరిగెడతాడు, గింబల్‌ను వెనక్కి తిప్పి భుజం పక్కన పట్టుకుంటాడు, స్క్రీన్ చూడడు. వైడ్ లెన్స్ కాబట్టి ఫ్రేము తప్పదు. దారి ఇరవై మీటర్లు, ఊడ్చి, రెండు వైపులా సుద్దగీత. ఊగే డ్రైనేజీ మూత ఈ దారి బయట ఉంది. నటుడికీ కెమెరాకూ మధ్య కనీసం మూడు మీటర్లు. తోడు పరిగెత్తేది ఒక్కరు, వాళ్ల పని కెమెరామన్ దారి చూడటం మాత్రమే. తోడు మనిషి రాకపోతే ఈ షాట్ లేదు.” ఈ చివరి వాక్యం లేని ప్లాన్ సగం ప్లానే. ఏది జరిగితే ఆపేస్తామో ముందే రాసుకోకపోతే, షూటింగ్ రోజు ఏదీ ఆపేటంత పెద్దదిగా అనిపించదు. కొన్ని కాలేజీల ఫారాల్లో ప్రమాదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసి హెచ్చించమంటారు. నాకు ఆ మార్కుల మీద పెద్ద నమ్మకం లేదు. మొత్తం ఎక్కువ వచ్చిందని తెలియగానే పిల్లలు నాలుగును రెండు చేసి గట్టెక్కుతారు.

ఆపడమంటే ఎలా ఆపాలి? ఈ ప్రశ్న దగ్గర అందరం నవ్వుకున్నాం. ఛేజింగులో వెంటపడేవాడు అరిచేదే “ఆగరా! ఆగు!” అని. నిజంగా ఎవరైనా “ఆగు” అని అరిస్తే నటుడు ఇంకా జోరుగా పరిగెడతాడు, అది డైలాగే అనుకుంటాడు. “కట్” అంటే దర్శకురాలి గొంతు కోసమే అందరూ చూస్తారు. కాబట్టి విజిల్. ఒక్క పొడుగాటి విజిల్ పడితే ఎవరున్నచోట వాళ్లు ఆగిపోవాలి, ఎవరు ఊదారు, ఎందుకు ఊదారు అని తర్వాత అడగాలి. గల్లీ రెండు చివరలా ఉన్నవాళ్ల దగ్గర, కెమెరా పక్కన, సేఫ్టీ చూసే అమ్మాయి దగ్గర కలిపి నాలుగు విజిళ్లు. ఆ అమ్మాయికి ఆ రోజు ఇంకో పని ఇవ్వకూడదన్నది షరతు. చేతులు ఖాళీగా కనిపిస్తే రిఫ్లెక్టర్ పట్టుకోమంటారు, టీలు తెమ్మంటారు. విజిల్ పనిచేస్తుందో లేదో కూడా రిహార్సల్‌లో పరీక్షించారు. మొదటిసారి నడకతో, రెండోసారి సగం వేగంతో, మూడోసారి పూర్తి వేగంతో రిహార్సల్ జరుగుతుంది. సగం వేగం రిహార్సల్‌లో ఎవరికీ చెప్పకుండా ఆ అమ్మాయి విజిల్ ఊదింది. హీరో ఇంకో ఎనిమిది అడుగులు పోయాకే ఆగాడు. రెండోసారికి రెండడుగుల్లో ఆగాడు.

పరుగులను కూడా లెక్కపెట్టాలి. నాలుగు కోణాలు, కోణానికి మూడు టేకులు అంటే పన్నెండు స్ప్రింట్లు. కాలేజీ కుర్రాడికి ఒంట్లో సత్తువ ఉన్నా, ఉదయం టిఫిన్ మానేసి, కాళ్లు వేడెక్కకుండా ఒక్కసారిగా పరిగెడితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. పది నిమిషాలు కాళ్లూ చేతులూ ఆడించాక మొదలుపెట్టి, పరుగుకూ పరుగుకూ మధ్య నాలుగైదు నిమిషాలు కూర్చోబెట్టారు. అలసటను మనిషి ఒప్పుకోడు, కాబట్టి గుర్తులు చూడాలి. పాదం నేలకు తాకే చప్పుడు పెద్దదవుతుంది. ఆగాల్సిన గీత దాటి రెండడుగులు పోతాడు. మెట్ల దగ్గర అంతకుముందు ముట్టుకోని రెయిలింగును పట్టుకుంటాడు. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే ఆ రోజుకు అతని పరుగు ముగిసినట్టే అని రాశారు.

మధ్యాహ్నం మూడున్నరకు సేఫ్టీ చూసే అమ్మాయి ఆ మాట చెప్పేసింది. మూడో కోణంలో ఆఖరి టేకు మిగిలి ఉంది. “ఒక్కటే, ప్లీజ్” అని దర్శకురాలు, “నేను బానే ఉన్నా” అని హీరో. ఛేజింగుల్లో కాళ్లు విరిగేది ఈ ఒక్కటి దగ్గరే. ఆ అమ్మాయి కాగితం తీసి చూపించింది, కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. టేకు తీయలేదు.

చివరి పేజీ ఆసుపత్రిది. అందులో పేరు, ఫోన్ నంబరు రాసి వదిలేశారు మొదట. ఆ ఆసుపత్రిలో ఆదివారం ఎమర్జెన్సీ ఉంటుందా, ఎముకల డాక్టరు ఉంటాడా అని ఫోన్ చేసి కనుక్కోమన్నాను. లేడన్నారు, ఇంకోటి చూసుకున్నారు. 108కి ఫోన్ చేసేవాడు హడావిడిలో అడ్రసు చెప్పలేడు కాబట్టి, గల్లీ పేరు, దగ్గరి గుడి, లోపలికి అంబులెన్సు రాగలిగే వైపు ఏదో పెద్ద అక్షరాలతో రాసి కెమెరా బ్యాగుకు అంటించారు. తలకు దెబ్బ తగిలి, ఒక్క క్షణమైనా స్పృహ తప్పినా, వాంతి అయినా, మగతగా ఉన్నా లేపి కూర్చోబెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు, మెడ కదలనీయకుండా పడుకోబెట్టి అంబులెన్సు కోసం ఆగాలి. దీన్ని అందరికీ ఉదయమే చదివి వినిపించారు.

మీ ఇంట్లోనో, మీ కాలేజీలోనో ఎవరైనా వచ్చే వారం ఇలాంటి షూటింగ్ పెట్టుకుని ఉంటే, ఈ ఆదివారమే, అదే టైముకు, లొకేషన్ నుంచి ఆసుపత్రి గేటు దాకా ఒకసారి బండి మీద వెళ్లి రమ్మనండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ అంకెను ప్లాన్ మొదటి పేజీ పైన రాసుకోమనండి. వీళ్లకు పదిహేడు నిమిషాలు పట్టింది.